ఉద్యోగుల్ని తొలగించింది నేనే

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారే చెప్పేశారు కాబట్టి నాకు రెండు నిమిషాలు మిగిలాయి. ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తిగారి జయంతి. ‘కంప్యూటర్ పరిభాష’ మీద మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను, సంచిలో ఉంది. దానికంటే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

మా దగ్గర జీతాల బిల్లులు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏమేం మారాయో ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ వచ్చేది. దాన్ని తెలుగు చేసి కింది ఆఫీసులకు పంపడం నా పని. ఒకసారి అందులో ఈ వాక్యం ఉంది:

```
Inactive employees have been removed from the list.
```

నేను రాసింది ఇది: ‘క్రియాశీలంగా లేని ఉద్యోగులు జాబితా నుంచి తొలగించబడ్డారు.’

మర్నాడు పదకొండు కాకముందే ఫోను. మెడికల్ లీవులో ఉన్న సీనియర్ అసిస్టెంట్ ఒకాయన. “సార్, నేను క్రియాశీలంగా లేనని ఎవరు తేల్చారు? మెమో అయినా ఇవ్వకుండా తొలగిస్తారా?” నవ్వకండి. ఆఫీసులో తొలగింపు అంటే ఒకటే అర్థం. ప్రోగ్రామరు చెప్పదలచింది వేరు. రిటైరైనవాళ్ల పేర్లు, బదిలీ అయినవాళ్ల పేర్లు ఇకపై ఆ జాబితాలో కనిపించవు, అంతే. ఈ ముక్కే రాసి ఉంటే సరిపోయేది. నేను మాటకు మాట పెట్టాను గానీ రేపు పొద్దున ఆయన తెర మీద ఏం మారుతుందో అడగలేదు.

ఆ రోజు నుంచి ప్రోగ్రామరుకు ఫోన్ చేయకుండా ఒక్క వాక్యమూ తెలుగు చేయలేదు. ఇంకో వాక్యం చెబుతాను, చూడండి:

```
Fixed: arrears added twice when a bill is reopened.
```

‘ఎరియర్స్ రెండుసార్లు కలిసే సమస్య పరిష్కరించబడింది’ అని రాసి చేతులు దులుపుకోవచ్చు. కానీ బిల్లు చేసేవాడికి వచ్చే మొదటి అనుమానం ఏమిటి? పోయిన నెల నేను చేసిన బిల్లు సంగతేమిటి? అదే అడిగాను. అవతల కాసేపు మౌనం. “పాతవి వాటంతట అవి మారవండీ, తెరిచి మళ్లీ లెక్క కట్టించాలి” అన్నాడు. ఇంగ్లీషులో లేని ఆ సంగతే అసలు సంగతి. అందుకని ఒక వాక్యం మూడు వాక్యాలైంది: ‘బిల్లు మళ్లీ తెరిస్తే ఎరియర్స్ రెండుసార్లు కలిసేవి. ఇక కలవవు. పాత వెర్షన్‌లో సేవ్ చేసిన బిల్లులు మాత్రం ఒక్కొక్కటీ తెరిచి Recalculate నొక్కాలి.’

Recalculate అని ఇంగ్లీషులోనే ఉంచానేమని తెలుగు దినోత్సవం నాడు మీరు అడగొచ్చు. మొదట్లో నేనూ బటన్ల పేర్లన్నీ తెలుగు చేసినవాణ్ణే. Submitని ‘సమర్పించు’ అన్నాను. “సమర్పించు ఎక్కడుందండీ, తెరంతా వెతికాను” అని ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఎక్కడుంటుంది, నా కాగితంలో తప్ప! తెర మీద ఏ అక్షరాలు ఉంటే కాగితం మీద అవే ఉండాలి. లిబ్రెఆఫీస్ లాంటివాటిని తెలుగు మెనూలతో వాడేచోట ఆ తెలుగు మాటనే, ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాయాలి. మనకు అంతకన్నా మంచి మాట తోచినా సరే.

మాన్యువల్‌లో మెట్లు రాసేటప్పుడు ఇంకో చిక్కు. ‘Submit నొక్కేముందు గ్రాస్, నెట్ సరిచూసుకోండి’ అని రాశాను. వ్యాకరణం సరిగ్గానే ఉంది కదా? చదివేవాడి చేయి మౌస్ మీద ఉంటుందండీ. Submit అన్న మాట కనబడగానే నొక్కేశాడు. మిగతా వాక్యం తర్వాత చదివాడు. మా సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి Submit నొక్కితే బిల్లు పై అధికారి లాగిన్‌కు వెళ్లిపోతుంది, ఆయన తిప్పి పంపితే తప్ప రాదు. అందుకని దాన్ని రెండు మెట్లు చేశాను. గ్రాస్, నెట్ సరిచూసుకోండి. తర్వాత Submit నొక్కండి. చేసే వరసే రాసే వరస.

అధ్యక్షులవారు చీటీ పంపారు. పరిభాష వ్యాసం సంచిలోనే ఉంటుంది, పరవాలేదు. ఒక్క మాట చెప్పి దిగిపోతాను.

మెడికల్ లీవు ఆయన ఉన్నారే, తిరిగి డ్యూటీలో చేరాక నా కాగితాలన్నీ ముందు ఆయనకే ఇచ్చేవాణ్ణి. నేను పక్కన కూర్చుని నోరు మెదపకూడదని ఒప్పందం. ఆయన చదువుతూ చేసుకుపోవాలి, ఎక్కడ ఆగితే అక్కడ నేను గీత పెట్టుకోవాలి. మొదటిసారి నాలుగో మెట్టు దగ్గర ఆగారు. ‘డ్రాప్‌డౌన్ నుంచి నెలను ఎంచుకోండి’ అని ఉందక్కడ. కళ్లజోడు తీసి తుడుచుకుని, “నెల కనబడటం లేదు, డౌన్‌కి ఎక్కడికి పోవాలి?” అన్నారు. గీత పెట్టాను. ‘పెట్టె పక్కనున్న బాణం గుర్తు నొక్కండి, నెలల పేర్లు కిందికి జారతాయి’ అని మార్చాను.