మొదటి పేజీలో చోటు ఎవరికి?

శ్రోతలకు నమస్కారం.

రేడియోలో వార్తలు చదివేవాళ్ళకు ఒక సుఖం ఉంది. ఏది ముఖ్యమో దాన్ని ముందు చదువుతారు, తర్వాతది తర్వాత. పత్రికకు అలా కుదరదు. పేజీ తెరవగానే అన్ని వార్తలూ ఒకేసారి కళ్ళముందుకొస్తాయి. ఏది ముందు చూడాలో పాఠకుడికి ఎవరూ చెప్పరు. ఆ వార్త ఉన్న చోటు, అక్షరాల సైజు, పక్కనున్న ఫోటో చెప్పాలి. చాలా ఏళ్ళు డెస్క్‌లో కూర్చుని నేను చేసిన పని అదే. ఇవాళ ఒక్క రాత్రిని, ఒక్క మొదటి పేజీని ఊహించుకుని, అది ఎలా తయారవుతుందో చెబుతాను. పక్కన పేపరుంటే ఒకసారి పరిచి పెట్టుకోండి.

ముందు చోటు సంగతి. పెద్ద సైజు పత్రికలో పేజీకి 8 కాలాలు, అంటే 8 నిలువు వరుసలు, ఎత్తు 52 సెంటీమీటర్లు అనుకుందాం. డెస్క్‌లో చోటును కొలిచేది కాలమ్ సెంటీమీటర్లలో, అంటే ఒక కాలమ్ వెడల్పు, ఒక సెంటీమీటరు ఎత్తు. పైన పత్రిక పేరు, తేదీ 7 సెంటీమీటర్లు తీసుకుంటే కింద 45 మిగులుతాయి. ఎనిమిదితో హెచ్చిస్తే 360. అయితే ఇదంతా మనది కాదు. అడ్వర్టైజ్‌మెంట్ విభాగం నుంచి సాయంత్రమే చీటీ వస్తుంది. ఈ రాత్రి కింద కుడివైపు 4 కాలాలు, 25 సెంటీమీటర్ల ప్రకటన ఉందంటే అక్కడికి 100 పోయాయి. వార్తలకు మిగిలింది 260.

ప్రకటనలు మొదటి పేజీని తినేస్తున్నాయని బాధపడేవాళ్ళకు ఒక మాట. లండన్ ‘ద టైమ్స్’ 1966 మే 3న గానీ మొదటి పేజీలో వార్తలు వేయడం మొదలుపెట్టలేదు. అంతవరకూ ఆ పేజీ నిండా చిన్నచిన్న ప్రకటనలే, వార్తలు లోపల.

మన పేజీకి వద్దాం. ప్రకటన కింద కుడి మూలన కూర్చుంది కాబట్టి, పైన 8 కాలాలకు 20 సెంటీమీటర్ల పట్టీ ఒకటి, కింద ఎడమవైపు 4 కాలాలకు 25 సెంటీమీటర్ల ముక్క ఒకటి మిగిలాయి. పేపరును అడ్డంగా మడిచినప్పుడు మడత దాదాపు ఆ పట్టీ అంచున పడుతుంది. దుకాణంలో పేపరు మడిచే పెడతారు కనుక కొనేవాడికి కనిపించేది ఆ పై పట్టీయే.

రాత్రి 9 గంటలకు మీటింగ్. బల్ల మీద ఐదు వార్తలున్నాయి. కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు పెంచింది. ఒక పెద్ద కేసులో తీర్పు వచ్చింది. ఫుట్‌బాల్ ఫైనల్లో గెలుపు. రెండు రోజుల భారీ వర్షాల హెచ్చరిక. చివరిది, బడి మానేసి పనికెళ్తున్న పిల్లల మీద ఒక విలేఖరి నెలరోజులు తిరిగి రాసిన కథనం.

వీటిలో ఏది లీడ్, అంటే పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన వార్త? వడ్డీ రేటు. ఇంటి అప్పు కట్టేవాడి నుంచి వ్యాపారి దాకా రేపటి నుంచే అందరికీ తగులుతుంది. కానీ దానికి ఫోటో లేదు. బ్యాంకు గవర్నరు మైకు ముందు కూర్చున్న ఫోటో ఉంది కానీ అలాంటిది పెద్దగా వేస్తే ఎవరూ చూడరు. మంచి ఫోటో ఫుట్‌బాల్‌ది. చిక్కు ఇక్కడే. ముఖ్యమైన వార్తకు బొమ్మ లేదు, బొమ్మ ఉన్న వార్త ముఖ్యమైనది కాదు.

ఎంత పెద్ద శీర్షిక పెట్టినా కన్ను మొదట పడేది ఫోటో మీదే. అందుకే ఫోటో ఎక్కడ పెట్టాలో ముందు తేల్చుకుని, దాని పక్కన లీడ్‌ను నిలబెట్టాలి. కింద కుడి మూలన ముదురు రంగుల ప్రకటన బరువుగా ఉంది. దానికి సరితూగాలంటే ఫోటో పైన ఎడమ మూలన ఉండాలి. తక్కెడలో రెండు పళ్ళేలు పేజీకి అడ్డంగా కాకుండా మూల నుంచి మూలకు ఉన్నాయనుకోండి. ఫోటో కూడా కుడివైపే పెడితే పేజీ ఒక పక్కకు ఒరిగినట్టుంటుంది, ఎడమవైపంతా బూడిదరంగు అక్షరాలే మిగులుతాయి.

కాబట్టి పై పట్టీలో ఎడమ 4 కాలాలు ఫోటోకూ ఆట వార్తకూ, కుడి 4 కాలాలు వడ్డీ రేటుకు. చెరి 80. కింద ముక్కలో తీర్పుకు 3 కాలాలు, 12 సెంటీమీటర్లు, అంటే 36. దాని పక్కన వర్షాల హెచ్చరిక సింగిల్ కాలమ్‌లో 12. అడుగున పిల్లల కథనం, 4 కాలాలు 13 సెంటీమీటర్లు, 52. ఇలా అడుగున వచ్చే కథనాన్ని మేం యాంకర్ అంటాం. 80, 80, 36, 12, 52 కలిపితే సరిగ్గా 260.

లెక్క కుదిరింది కానీ ఫోటో కుదరలేదు. గోల్ కొట్టిన ఆటగాడు ఎడమవైపుకు పరుగెత్తుతున్నాడు. ఆ ఫోటోను ఎడమ అంచున పెడితే అతను పేజీలోంచి బయటికి ఉరుకుతున్నట్టుంటుంది, చూసేవాడి కన్ను కూడా అతని వెంటే పోతుంది. కొత్తగా చేరిన సబ్ఎడిటర్ ఎవరైనా అద్దంలోలా తిప్పేద్దామంటారు. తిప్పితే చొక్కా మీద అంకె తిరగబడుతుంది, అంతకంటే ముఖ్యంగా అది జరగనిది జరిగినట్టు చూపడమే. చేయాల్సిందల్లా ఫోటోగ్రాఫర్ పంపిన మిగతా ఫ్రేములు వెతకడం. నాలుగోదో ఐదోదో, కుడివైపు తిరిగి చేతులెత్తినది దొరుకుతుంది.

శీర్షికల్లో ఒకటే చెబుతాను. పక్కపక్కన ఉన్న రెండు వార్తలకు ఒకే ఎత్తులో, ఒకే సైజులో శీర్షికలు పెడితే పాఠకుడు రెండింటినీ కలిపి ఒకే వాక్యంగా చదివేస్తాడు. “వడ్డీ రేటు పెంపు”, “ఆనందంలో మునిగిన జట్టు” ఒకే వరుసలో ఉన్నాయనుకోండి, ఇక చెప్పేదేముంది! అందుకే లీడ్ శీర్షిక పట్టీ పైభాగంలో, ఆట శీర్షిక ఫోటో కింద, చిన్న సైజులో. మధ్యలో నిలువు గీత.

రాత్రి 11 దాటి పది నిమిషాలు. పేజీ వదలాల్సింది 12కి. అప్పుడు ఫోన్ వస్తుంది. ఒక నది మీద వంతెన కూలింది, బస్సు పడిపోయింది.

ఇలాంటప్పుడు పేజీ అంతా చెరిపేసి మొదటి నుంచీ కట్టాలనిపిస్తుంది. 50 నిమిషాల్లో అది అయ్యే పని కాదు. చేయి తిరిగినవాడు ఎన్ని ముక్కలు కదపాలి అని చూడడు, ఎన్ని కదపకుండా వదిలేయొచ్చు అని చూస్తాడు. తీర్పు, వర్షాలు ఉన్నచోటే ఉంటాయి. పిల్లల కథనం రేపైనా పాతబడదు కాబట్టి ఆగుతుంది. దాని 52లోకి ఆట దిగుతుంది. ఆటను కిందికి తేవడానికి చోటు ఒక్కటే కారణం కాదు. వంతెన కూలి మనుషులు పోయిన శీర్షిక పక్కన చేతులెత్తి నవ్వుతున్న మొహం ఉండకూడదు. చోటు ఉన్నా ఉండకూడదు.

ఇక పై పట్టీ 160. పేజీ వెడల్పునా 8 కాలాల బ్యానర్ శీర్షికకు 4 సెంటీమీటర్లు, అంటే 32. మన లిపిలో వత్తులు కింద వేలాడతాయి, గుడులు పైకి లేస్తాయి కాబట్టి శీర్షికకు ఎత్తు కొంచెం ఉదారంగానే ఇవ్వాలి. మిగిలిన 128లో వంతెన వార్తకు 5 కాలాలు 16 సెంటీమీటర్లు, 80. వడ్డీ రేటుకు 3 కాలాలు, 48. మీటింగ్‌లో 80 దక్కిన వార్త 48కి దిగింది. వార్తను ముఖ్యాంశం ముందూ వివరాలు వెనుకా పెట్టి రాసే పద్ధతి ఇలాంటి రాత్రులకే పనికొస్తుంది. చివరి పేరా నుంచి పైకి కోసుకుంటూ పోవచ్చు, మిగిలింది “తరువాయి” అని లోపలి పేజీకి పంపొచ్చు.

11.35కు వంతెన ఫోటో వచ్చింది. ఎవరో ఫోన్‌తో తీసి మెసేజ్‌లో పంపింది, వెడల్పు 800 పిక్సెళ్ళు. పత్రిక ముద్రణకు అంగుళానికి 200 పిక్సెళ్ళు ఉంటే నయం. మన 4 కాలాల వెడల్పు సుమారు 17 సెంటీమీటర్లు, దానికి 1,300 పైనే కావాలి. 3 కాలాలకు కూడా చాలవు. 2 కాలాలకైతే హాయిగా సరిపోతాయి. పెద్దది చేస్తే గడులు గడులుగా వచ్చి, బస్సో బండరాయో తెలియదు. ఫోటో చిన్నదైంది కాబట్టి బరువంతా బ్యానర్ మోయాలి.

మృతుల సంఖ్య ఒకరు 9 అంటారు, ఒకరు 14, ఇంకొకరు 20కి పైనే అంటారు. బ్యానర్‌లో అధికారులు ధ్రువీకరించిన అంకే ఎక్కాలి, మిగతాది “ఇంకా పెరిగే అవకాశం” అని లోపల రాసుకోవాలి. గడియారం తొందరపెట్టినప్పుడు ఎంత పెద్ద పత్రికైనా పప్పులో కాలేస్తుంది. 1948 నవంబరులో షికాగో ‘డైలీ ట్రిబ్యూన్’ ప్రింటర్ల సమ్మె వల్ల మామూలుకంటే ముందే పేజీ వదలాల్సి వచ్చి, అమెరికా అధ్యక్ష ఎన్నికలో ట్రూమన్ ఓడిపోయాడని బ్యానర్ వేసేసింది. గెలిచిన ట్రూమన్ ఆ పేపరు పట్టుకుని నవ్వుతున్న ఫోటో ఇప్పటికీ తిరుగుతోంది.

వదిలేముందు రెండు పరీక్షలు. మొదటిది, పేజీ ప్రింట్ తీసి గోడకు అంటించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి కళ్ళు సగం మూసి చూడాలి. అక్షరాలు మసకబారి బరువులు మాత్రమే కనిపిస్తాయి. పైన నల్లటి బ్యానర్, కింద ఎడమన ఆట ఫోటో, కుడిన ప్రకటన. పేజీ మూడు కాళ్ళ మీద నిలబడింది, ఫర్వాలేదు. కానీ బ్యానర్ కిందనే వడ్డీ రేటు వార్త ఉండటం వల్ల ఆ శీర్షిక దానిదేనేమో అనిపిస్తోంది. మధ్య గీతను కాస్త మందం చేసి, వంతెన వార్త మొదటి పేరాను బ్యానర్ మొదలయ్యే ఎడమ వైపునే ఉంచాలి. రెండో పరీక్ష, ప్రకటన చదవడం. వార్త చూసేవాళ్ళు ప్రకటన చదవరు, అది మరొకరి పని అనుకుంటారు. ఆ కుడి మూలన కారు బొమ్మ ఉండి, కారు ఒక వంతెన మీద దూసుకుపోతూ ఉంటే? వెంటనే ఫోన్ చేసి అదే సైజు వేరే ప్రకటన అడగాలి. అడిగితే వాళ్ళూ సంతోషంగా ఇస్తారు, ఎందుకంటే ఆ కారు కంపెనీ కూడా అది కోరుకోదు.

11.58కి పేజీ వెళ్ళిపోయింది. ఆట ఫోటోలో కుర్రాడు ఇప్పుడు కుడివైపు, అంటే నేరుగా ప్రకటన వైపు చూస్తున్నాడు. దానికి అడ్వర్టైజ్‌మెంట్ వాళ్ళు మాకు థాంక్స్ చెప్పరు కానీ, గమనిస్తారు. పొద్దున్నే పాఠకుల ఫోన్లు వస్తాయి, గెలిచిన జట్టును అడుగున వేశారేమని. పిల్లల కథనం రాసిన విలేఖరి మాత్రం ఫోన్ చేయడు. సాయంత్రం మీటింగ్‌కు పది నిమిషాల ముందు వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. ఇవాళ కింద ప్రకటన ఎంతుంది సార్ అని అడుగుతాడు.