అరబిక్ పేజీలో తారీఖు తిరగబడకుండా

అందరికీ నమస్కారం. గల్ఫ్‌లో ఉంటున్న మనవాళ్ల పాస్‌పోర్టులు అరబిక్‌లోకి మార్చే పని మీలో చాలామంది చేస్తున్నారు. చేతికి వచ్చేది అసలు పాస్‌పోర్ట్ కాదు, వాట్సాప్‌లో పంపిన ఫొటో. ఈరోజు ఒక షెంగెన్ వీసా పేజీ, దాని పక్కనే పడ్డ ప్రవేశ ముద్ర, ఈ రెండే చూద్దాం.

ముందు ముద్ర. దాని మీద ‘ప్రవేశం’ అన్న మాట ఉండదు. లోపలికి చూపించే బాణం, దేశం అక్షరం, విమానం బొమ్మ, తారీఖు, దిగిన చోటు పేరు ఉంటాయి. అందుకే ‘దుఖూల్’ అని రాసేటప్పుడు చదరపు బ్రాకెట్లో పెట్టండి. అది మన వివరణే కానీ ముద్రలోని మాట కాదని చదివే అధికారికి తెలియాలి. విమానం బొమ్మను కూడా అలాగే వివరించండి. F అక్షరాన్ని అలాగే ఉంచి, ఫ్రాన్స్ అని బ్రాకెట్లో రాయండి.

ఫొటోలో వెలుతురు పడి తారీఖులో ఒక అంకె 1 లాగానో 7 లాగానో ఉందనుకోండి. వీసా గడువు చూస్తే ఏదో ఒకటే కుదురుతుందని మీకు తెలిసిపోవచ్చు. అయినా ఆ అంకె నింపకండి. ఆ చోట ‘గైర్ మఖ్రూ’, అంటే చదవడానికి వీల్లేదని రాయండి. మీ అంచనా ఏదైనా ఉంటే కింద అనువాదకుడి గమనికలో పెట్టండి. అంతకంటే ముందు ఇంకో ఫొటో అడగండి. ఫ్లాష్ ఆపి, కిటికీ పక్కన, పేజీకి సరిగ్గా పైనుంచి తీయమని చెప్పండి.

ఇక వీసా స్టిక్కర్. గడువు తారీఖులు మధ్యలో అడ్డగీతలతో ఉంటాయి. అరబిక్ అక్షరాల తర్వాత ఆ తారీఖును నేరుగా టైప్ చేస్తే, మీరు కొట్టింది మొదటి వరుస, తెరమీద కనిపించేది రెండోది:

```
10-02-19
19-02-10
```

2019 ఫిబ్రవరి 10 కాస్తా 2010 ఫిబ్రవరి 19 అయిపోయింది! టైప్ చేసింది సరిగ్గానే ఉంటుంది, అందుకే మళ్లీ చూసుకున్నా తప్పు దొరకదు. అడ్డగీత దగ్గర సాఫ్ట్‌వేర్ ఆ అంకెలను మూడు ముక్కలుగా లెక్కేసి, కుడి నుంచి ఎడమకు పేరుస్తుంది. తారీఖుకు ముందు U+200E అనే కనిపించని గుర్తు పెడితే సరిపోతుంది. నా మాట అడిగితే నెలను అక్షరాల్లో రాయడమే మేలు. గల్ఫ్ పాఠకుడికి ‘ఫిబ్రాయిర్’, సిరియా పాఠకుడికి ‘షుబాత్’.

గడువును, ఉండే రోజులను కలిపేయకండి. గడువు ఆరు వారాలున్నా, లోపల ఉండేది పదిహేను రోజులే కావచ్చు. రెండూ వేర్వేరు గళ్లు, అరబిక్‌లోనూ వేర్వేరుగానే రావాలి.

పాస్‌పోర్ట్ వివరాల పేజీ అడుగున ఉండే రెండు వరుసల కోడ్‌ను అరబిక్ లిపిలోకి మార్చనే వద్దు. ఒక్కో వరుసలో 44 గుర్తులు, లెక్కపెట్టి మరీ దించండి. పేరా దిశ ఎడమ నుంచి కుడికి పెట్టడం మరిస్తే, మొదటి వరుస చివరి < గుర్తులు > గా తిరగబడి ఎడమవైపుకు వెళ్లిపోతాయి. ఫైల్ పంపేముందు PDF చేసి, ఫొటో పక్కన పెట్టి, తారీఖులు, ఈ వరుసలు ఒక్కొక్కటీ పోల్చుకోండి.