క్యాప్ రెండుసార్లు ఊడింది: పిన్ని రాసిన ఉత్తరం

హరి: నమస్కారం. ఈ ఎపిసోడ్ మా పిన్ని పన్ను గురించి. పిన్నిది చిత్తూరు. కింది దవడ పన్నుకి తిరుపతిలో ఒక క్లినిక్‌లో రూట్ కెనాల్ చేయించుకుని, నవంబర్‌లో 9,500 పెట్టి జిర్కోనియా క్యాప్ వేయించుకుంది. సంక్రాంతికి అరిసె కొరికితే అది అరిసెతో పాటు వచ్చేసింది. క్లినిక్‌లో మళ్ళీ అతికించారు. మార్చి మొదట్లో ఇడ్లీ తింటుంటే మళ్ళీ ఊడింది. ఈసారి కోపమొచ్చి కంప్లైంట్ రాసి నాకు వాట్సాప్‌లో పంపింది. నేను దాన్ని మా వదినకి చూపించాను. వదిన డెంటిస్టు, తిరుపతిలోనే ప్రాక్టీసు. వదినా, ఆ ఉత్తరం చూడగానే ఏమనిపించింది?

వదిన: పిన్ని బాధ అర్థమైంది కానీ, ఉత్తరంలో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు హరీ. మోసం చేశారు, డబ్బులు గుంజారు, ఫ్రీగా కొత్తది చేసివ్వండి, అంతే. ఎందుకు ఊడిందో తేలకుండా కొత్త క్యాప్ చేస్తే అదీ ఊడుతుంది. అందుకే ముందు పిన్నిని ఆ క్యాప్ పట్టుకుని రమ్మన్నాను.

హరి: పాత మాత్రల డబ్బాలో దూదిలో చుట్టి తెచ్చింది.

వదిన: చాలా మంచి పని చేసింది. కొందరు విసిరేస్తారు, కొందరు ఫెవిక్విక్ పెట్టి అతికించుకుంటారు, అది అస్సలు చేయకూడదు, కింద చిగురు కాలుతుంది, పైగా వంకరగా అతుక్కుంటే ఇక సరిగా కూర్చోదు. ఊడిన క్యాప్‌ని వదులుగా అలాగే నోట్లో పెట్టుకుని పడుకోవడం కూడా ప్రమాదమే, నిద్రలో గొంతులోకి జారొచ్చు. సరే, ఆ క్యాప్‌ని తిప్పి లైటు కింద పెట్టి లోపలికి చూశాను. సిమెంటు మొత్తం క్యాప్ లోపలే ఉంది, తెల్లగా, అంచు దాకా. పన్ను మీద చూస్తే దాదాపు ఏమీ లేదు, నున్నగా ఉంది. అంటే పట్టు వదిలింది పన్ను వైపు.

హరి: అది అటు ఉంటే ఏంటి, ఇటు ఉంటే ఏంటి?

వదిన: తేడా ఉంది. సిమెంటు పన్ను మీదే ఉండిపోయి క్యాప్ లోపల ఖాళీగా ఉంటే, క్యాప్ లోపలి భాగాన్ని సరిగా తయారు చేయలేదేమోనని అనుమానించాలి. జిర్కోనియాకి ఉమ్మి తగిలితే అది కడిగినా అంత తేలిగ్గా పోదు, శుభ్రం చేయకుండా అతికిస్తే పట్టదు. పిన్నిది అలా కాదు. సిమెంటు పెట్టేటప్పుడు పన్ను తడిగా ఉండొచ్చు, లేదా క్యాప్ కోసం పన్నుని అరగదీసిన ఆకారమే తప్పయ్యుండొచ్చు. ఇంకోటి, క్యాప్ లోపల పన్ను ముక్క విరిగి వచ్చుంటే కథ వేరే అయ్యేది. విరగలేదు. ఎక్స్‌రే తీశాను, అంచు దగ్గర కొత్త పుచ్చు కూడా లేదు.

హరి: అయితే తడేనా?

వదిన: దాని గురించి గట్టిగా చెప్పలేను. కానీ ఆకారం కొలిచాను కదా. దవడ పన్నుని అరగదీశాక కనీసం 4 మిల్లీమీటర్లు ఎత్తు మిగలాలి. పిన్నికి నాలుక వైపు రెండున్నరే ఉంది. పైగా గోడలు బాగా ఏటవాలుగా ఉన్నాయి. రెండు గరాటులు బోర్లించి ఒకదాని మీద ఒకటి పెట్టు, పైది ఎత్తితే ఏ అడ్డూ లేకుండా వచ్చేస్తుంది. అదే టిఫిన్ డబ్బా మూత అయితే గోడలు నిటారుగా ఉండబట్టి పట్టి ఉంటుంది. క్యాప్‌ని నిలబెట్టేది ముందు ఆ గోడలు, తర్వాతే సిమెంటు. జనవరిలో ఏం చేశారని పిన్నిని అడిగితే, పది నిమిషాల్లో అతికించి పంపేశారు, ఎక్స్‌రే తీయలేదంది. ఆకారం మారనప్పుడు సిమెంటు ఇంకోసారి పెట్టినా ఎన్నాళ్ళుంటుంది? ఏడు వారాలుంది.

హరి: క్లినిక్ వాళ్ళు ఫోన్‌లో, మీరు గట్టివి నమిలారు, అందుకే ఊడింది అన్నారు.

వదిన: అరిసె సాగుతుంది, లాగుతుంది, అది నిజమే. ఇడ్లీ ఏం లాగుతుంది హరీ? ఆ మాట నాకు నచ్చలేదు. పళ్ళు కొరికే అలవాటుంటే, లేదా పై పన్నుతో క్యాప్ ముందే గట్టిగా తగులుతుంటే ఊడే అవకాశం ఉంది, కానీ అది కూడా చూడాల్సింది డాక్టరే.

హరి: ఫ్రీగా అడగడం న్యాయమేనా మరి?

వదిన: నా లెక్కలో న్యాయమే. నాలుగు నెలల్లో రెండుసార్లు, పన్ను విరగలేదు, పుచ్చలేదు. వాళ్ళిచ్చిన వారంటీ కార్డు చూపించింది పిన్ని, అది క్యాప్ పగిలితే లాబ్ ఇచ్చేది, ఊడడం అందులో లేదు. అందుకని కార్డుని పట్టుకుని వాదించొద్దన్నాను. వాదన పన్ను ఆకారం మీద పెట్టాలి. ఒకటి మాత్రం పిన్నికి ముందే చెప్పాను, ఎత్తు కోసం చిగురు కొంచెం తగ్గించాల్సొస్తే అది వేరే పని, దానికి డబ్బు అడగొచ్చు. ముందే చెప్పి ఉండాల్సిందని మనం అనొచ్చు, అంతవరకే.

హరి: ఇప్పుడు తిరగరాసిన ఉత్తరం చదువుతాను. "డాక్టర్ గారికి. నవంబర్ 14న మీ దగ్గర కింది కుడి దవడ పన్నుకి క్యాప్ వేయించుకున్నాను, బిల్లు జత చేశాను. జనవరి 15న ఊడింది, 18న మీరే మళ్ళీ అతికించారు. మార్చి 8న ఇడ్లీ తింటుండగా మళ్ళీ ఊడింది. క్యాప్ పగలలేదు, పన్ను విరగలేదు. మరో డెంటిస్టు చూసి, నాలుక వైపు పన్ను ఎత్తు 2.5 మిల్లీమీటర్లే ఉందని, పట్టు చాలదని రాసిచ్చారు, ఆ కాగితం కూడా జత చేశాను. మళ్ళీ అదే క్యాప్ అతికించడం నాకు వద్దు. పట్టు నిలిచేలా పన్ను సరిచేసి, కొత్త క్యాప్ చార్జీ లేకుండా చేయండి. అది వీలుకాకపోతే క్యాప్‌కి కట్టిన 9,500 తిరిగివ్వండి. నా ఎక్స్‌రే కాపీలు ఇవ్వండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు."

వదిన: మోసం అనే మాట లేదు చూడు. దీనికి జవాబు చెప్పాలంటే డాక్టర్ నోట్లో కొలిచి చూడాల్సిందే.

హరి: ఒప్పుకోకపోతే?

వదిన: జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, క్లినిక్ తిరుపతిలో ఉన్నా పిన్ని చిత్తూరులో వేయొచ్చన్నమాట. రెండేళ్ళలోపు వేయాలి, కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కానీ క్యాప్ ఊడింది అన్నంత మాత్రాన నిర్లక్ష్యం అని కమిషన్ అనదు, సాధారణంగా ఇంకో డాక్టర్ రాసిచ్చింది కావాలి. అందుకే ఆ కొలత కాగితం మీద రాసిచ్చాను.

హరి: ఉత్తరం ఇచ్చిన నాలుగో రోజు క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. కొత్తది చార్జీ లేకుండా చేస్తామన్నారు, మంగళవారం రమ్మన్నారు.

వదిన: మంగళవారం అచ్చు తీసే ముందు పిన్నిని ఒక్క ప్రశ్న అడగమను, ఇప్పుడు ఎత్తు ఎంతుందని. తక్కువే ఉంటే చిగురు తగ్గించడమో, గోడల్లో గాడి పెట్టడమో ముందు చేయాలి, అచ్చు ఆ తర్వాతే. అప్పటిదాకా తాత్కాలిక క్యాప్ పెట్టించుకోమను, ఖాళీగా వదిలేస్తే పక్క పళ్ళు కదులుతాయి.