గిన్నె కొలత, థాలీ లెక్క

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీదున్న రెండు స్టీలు గిన్నెలను చూడండి. రెండింటి ఆకారం ఒకటే. ఒకదాని మూతి వెడల్పు 8 సెంటీమీటర్లు, రెండోదానిది 10. వెనక వరుసలో కూర్చున్నవారికి రెండోది కాస్త పెద్దదిగా కనిపిస్తుంది, అంతే. ఇప్పుడు చిన్న గిన్నె నిండా నీళ్లు తీసుకుని పెద్దదానిలో పోస్తున్నాను. మరోసారి నింపి పోస్తున్నాను. చూశారా, రెండు గిన్నెల నీళ్లూ అందులో పట్టేశాయి. ఒక చెంచాడు మాత్రం పొర్లింది.

వెడల్పు పావు వంతు పెరిగితే పొడవు, వెడల్పు, లోతు మూడూ అదే పాళ్లలో పెరుగుతాయి. ఆ మూడింటినీ గుణిస్తే దాదాపు రెట్టింపు. మన కన్ను మూతి వెడల్పునే చూస్తుంది, లోపల పట్టేదాన్ని చూడదు. థాలీలో కేలరీల లెక్క తప్పడం ఇక్కడే మొదలవుతుంది. "రెండు గిన్నెల అన్నం, ఒక గిన్నె పప్పు" అని రాసుకున్నవారు ఏ గిన్నె అన్నది రాసుకోకపోతే ఆ లెక్క వల్ల ఉపయోగం లేదు.

కాబట్టి ముందుగా చేయవలసిన పని మీ ఇంటి గిన్నెను కొలవడం. వంటింటి త్రాసు మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నాకు తెచ్చి నీళ్లు పోయండి. నీళ్లు ఒక గ్రాము అంటే ఒక మిల్లీలీటరు. అయితే అంచు దాకా కాదు, మీరు రోజూ కూర వడ్డించే మట్టం వరకే పోయండి. ఈ చిన్న గిన్నెలో ఆ మట్టానికి 150 మిల్లీలీటర్లు పడతాయి. ఇక నుంచి నేను గిన్నె అంటే ఇదే. కేలరీ అంటే ఆహారపు పొట్లాల మీద ముద్రించే కిలోకేలరీ.

అన్నంతో మొదలుపెడదాం. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. ఉడికాక అది 270 గ్రాముల దాకా అవుతుంది. పెరిగినదంతా నీరే, నీటికి కేలరీలు లేవు. అందుకే 100 గ్రాముల అన్నంలో 130 కేలరీలే ఉంటాయి. గిన్నెలో పొడిపొడిగా వేసిన అన్నం 110 గ్రాములు తూగుతుంది, అంటే 140 కేలరీలకు కాస్త పైన. అదే గిన్నెలో గరిటెతో అదిమి, పైన కుప్పగా పెట్టి పళ్లెంలో బోర్లించండి. ఇప్పుడది 160, 170 గ్రాములు ఉంటుంది. కేలరీలు 210 దాటుతాయి. హోటళ్లలో గిన్నె ఆకారంలో నున్నగా కనిపించే అన్నం ముద్ద ఇలా అదిమినదే. దాన్ని ఒక గిన్నె అని కాకుండా ఒకటిన్నర అని లెక్కించడం న్యాయం.

రొట్టెకు గిన్నె అక్కర్లేదు, పిండి ముద్ద బరువు చాలు. 30 గ్రాముల పిండితో చేసిన పుల్కాలో సుమారు 100 కేలరీలు. చాలా ఇళ్లలో చపాతీకి 40 గ్రాముల పిండి పడుతుంది, అప్పుడు 130. పైన చెంచాడు నెయ్యి రాస్తే మరో 45. తడిపిన పిండి ముద్దను తూచి పొడి పిండి లెక్కలో వేసుకోకండి. అందులో మూడో వంతుకు పైగా నీరే ఉంటుంది.

పప్పు దగ్గర గిన్నె సగం నిజమే చెబుతుంది. ఎందుకంటే పప్పు ఎంత చిక్కగా ఉందో గిన్నెకు తెలియదు. నలుగురికి 120 గ్రాముల కందిపప్పు వేశారనుకోండి. అందులో 400 కేలరీలు. టమాటా, నీళ్లు చేర్చి నాలుగు గిన్నెలు చేస్తే గిన్నెకు 100. పోపులో రెండు చెంచాల నూనె వేస్తే తలా 20. మొత్తం 120. అదే 120 గ్రాములను గట్టిగా, ముద్దపప్పులా రెండున్నర గిన్నెలకే వండితే ఒక్కో గిన్నెలో పప్పు ఒక్కటే 160 కేలరీలు, పైన వేసే నెయ్యి దానికి అదనం. గుర్తుపట్టడం కష్టం కాదు. పళ్లెంలో వేయగానే అంచుల దాకా పారితే పలచన, వేసినచోటే నిలిస్తే చిక్కన.

ఇక కూరల విషయం. నా ఈ ప్రసంగమంతా నిజానికి కూరల కోసమే, ఎందుకంటే ఇక్కడ గిన్నె కొలత మనల్ని పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. మన థాలీలో రెండు కూరలు ఉన్నాయనుకుందాం: సొరకాయ కూర, గుత్తివంకాయ. రెండూ ఒకే గిన్నెలో, ఒకే మట్టంలో వడ్డించారు. ఫోనులో కేలరీలు చూసుకునేవారు రెండింటికీ "కూరగాయల కూర, ఒక గిన్నె" అని ఒకే అంకె వేస్తారు. వండిన బాణలి దగ్గరకు వెళ్లి చూద్దాం.

సొరకాయ 700 గ్రాములు. దాదాపు అంతా నీరే కాబట్టి మొత్తానికి 100 కేలరీలు. ఒక ఉల్లిపాయ 40. రెండు చెంచాల నూనె 80. అంతా కలిపితే 220, నలుగురికి పంచితే తలా 55.

గుత్తివంకాయకు వంకాయలు అరకిలో, 125 కేలరీలు. ఉల్లిపాయలు 50. కారం ముద్దలోకి వేరుశనగ గుళ్లు 50 గ్రాములు, 270. నువ్వులు 20 గ్రాములు, 110. ఇంతవరకు 555. తర్వాత నూనె. "నాలుగు గరిటెలు" అని చెప్పేవారిని ఆ గరిటెతో కొలిచి చూపించమంటే 60 మిల్లీలీటర్లకు తగ్గదు. 60 మిల్లీలీటర్ల నూనె 55 గ్రాములు తూగుతుంది. గ్రాముకు 9 కేలరీల చొప్పున 495. మొత్తం 1050, తలా 260కి పైనే.

ఒకే గిన్నె, ఒకే మట్టం. ఒకదానిలో 55, ఇంకొకదానిలో 260. వంకాయ వాటా మనిషికి 30 దగ్గర ఆగిపోయింది, మిగిలినదంతా నూనె, గింజలదే. వేరుశనగను నేను తప్పుపట్టడం లేదు, దానితో మాంసకృత్తులు కూడా వస్తాయి. కానీ లెక్కలో దాన్ని కూరగాయ కింద జమ చేయకూడదు. ఈ కూరలో నూనెను సగానికి తగ్గిస్తే తలా 60 కేలరీలు తగ్గుతాయి.

అందువల్ల కూరను గిన్నెతో కాకుండా బాణలితో లెక్కించండి. వండేటప్పుడు నూనె సీసాను త్రాసు మీద పెట్టి, పోశాక మళ్లీ తూచండి. తగ్గిన గ్రాములను తొమ్మిదితో గుణించి, వడ్డించిన గిన్నెల సంఖ్యతో భాగించండి. వేపుళ్లకు ఇంకో అడుగు ఉంది. బాణలిలో మిగిలిన నూనెను కూడా తూచి తీసివేయాలి, లేకపోతే లెక్క ఎక్కువ వస్తుంది. ఇది ప్రతిరోజూ చేయాల్సిన పని కాదు. ఒక ఇంట్లో తరచూ వండే కూరలు పది పన్నెండే ఉంటాయి. ఒక్కోదాన్ని ఒక్కసారి కొలిస్తే చాలు, వండే చేయి మారేదాకా ఆ అంకె పనికొస్తుంది.

ఊరగాయ కేలరీల పరంగా చిన్నది. పది గ్రాముల ఆవకాయకు 35 వేసుకోండి. ముక్కతో పాటు పైన తేలే నూనెను చెంచాతో అన్నంలో కలుపుకుంటే మరో 40. ఊరగాయలో అసలు చూడవలసింది ఉప్పు. ఆ పది గ్రాములలో సుమారు ఒక గ్రాము ఉప్పు ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దు 5 గ్రాములు.

ఇప్పుడు పళ్లెం మొత్తం కూడదాం. పొడిపొడిగా రెండు గిన్నెల అన్నం 285, నెయ్యి లేని రెండు పుల్కాలు 200, పప్పు 120, గుత్తివంకాయ 260, సొరకాయ 55, ఊరగాయ 35. మొత్తం 955. ఈ అంకెను 900, 1000 మధ్య అని చదువుకోండి. పట్టికలలోని విలువలు సగటులు కాబట్టి అంతకన్నా కచ్చితత్వం ఆశించకూడదు.

ఇదే భోజనాన్ని పెద్ద గిన్నెలలో వడ్డిద్దాం. పుల్కాలు, ఊరగాయ మారవు. వాటివి 235. గిన్నెలలో ఉన్నవి 720 కాస్తా దాదాపు 1400 అవుతాయి. మొత్తం 1640. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 అంచనాల ప్రకారం, 55 కిలోల బరువుండి ఎక్కువగా కూర్చుని పనిచేసే మహిళకు రోజంతటికీ కావలసినవి 1660 కేలరీలు. అదే పనితీరు గల 65 కిలోల పురుషుడికి 2110. అవే వంటకాలు, అవే "రెండు గిన్నెల అన్నం, ఒక గిన్నె పప్పు, రెండు కూరలు". గిన్నె రెండు సెంటీమీటర్లు పెరిగితే ఒక పూట భోజనం ఆ మహిళకు దాదాపు రోజు మొత్తానికి సరిపోయింది.

తగ్గించాలనుకునేవారు సాధారణంగా అన్నం మీద పడతారు. అన్నం మానేసి పుల్కాలకు మారామంటారు. ఒక గిన్నె అన్నం 140, ఒకటిన్నర పుల్కా 150. గిన్నె అన్నం తీసేసి రెండు పుల్కాలు పెట్టుకుంటే కేలరీలు పెరిగాయే కానీ తగ్గలేదు. పైగా పుల్కాలలోకి ఇంకో అరగిన్నె గుత్తివంకాయ వేయించుకుంటే 130 చేరుతుంది. మధుమేహం ఉన్నవారు అన్నం, రొట్టెల మధ్య ఎంచుకోవడానికి వేరే కారణాలు ఉండవచ్చు, అది వైద్యుడితో మాట్లాడుకోవలసిన సంగతి. కేలరీల మాటకొస్తే ముందు వెతకవలసింది నూనె ఎక్కువున్న గిన్నెను.

బయట తినేటప్పుడు బాణలి మన చేతిలో ఉండదు కదా అని చాలామంది అడుగుతారు. అప్పుడు గిన్నెనే చదవాలి. కూరను రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే నూనె అంచుల వెంట చేరుతుంది. పైన పొరలా నిలిచిందంటే గిన్నెకు కనీసం మూడు చెంచాల నూనె, అంటే 120 కేలరీలు, కూరగాయకు అదనంగా వేసుకోండి. అంచున సన్నని గీతలా ఉంటే ఒక చెంచా చాలు. జీడిపప్పు, వేరుశనగ, కొబ్బరి ముద్దతో చిక్కబడిన కూరలలో నూనె ముద్దలో కలిసిపోయి పైకి కనిపించకపోవచ్చు. అలాంటివాటికి గుత్తివంకాయ అంకెనే వాడండి. కూర ఎక్కువ అనిపిస్తే ముక్కలను చెంచాతో తీసుకుని, అడుగున మిగిలిన రసాన్ని అన్నంలో ఒంపుకోకుండా వదిలేయండి. నూనెలో ఎక్కువ భాగం ఆ రసంలోనే ఉంటుంది. రెండోసారి వడ్డించినప్పుడు గిన్నెల లెక్క మరచిపోతాం కాబట్టి, వడ్డించే గరిటె మీ గిన్నెలో ఎంత భాగం నింపుతుందో మొదటి వడ్డనలోనే చూసి పెట్టుకోండి. తర్వాత గరిటెలను లెక్కపెడితే సరిపోతుంది.