క్యూఆర్ స్కాన్ అయితే డిగ్రీ అసలుదేనా?

యాంకర్: మారతహళ్లి నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడం. మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. బీకాం చదివిన ఒకబ్బాయిని తీసుకుంటున్నాం. యూనివర్సిటీ వేరే రాష్ట్రంలోది. సర్టిఫికెట్ మీద క్యూఆర్ స్కాన్ చేస్తే పేరు, ఫొటో, మార్కులు అన్నీ వచ్చాయి. ఇంకేమైనా చూడాలా?

నిపుణురాలు: వచ్చిన పేజీ ఎవరి సైట్‌లోది?

కాలర్: యూనివర్సిటీ పేరే ఉందండీ. చివర డాట్ ఇన్ అని ఉంది.

నిపుణురాలు: చిక్కంతా అక్కడే. దొంగ సర్టిఫికెట్ అచ్చువేసినవాడు దొంగ క్యూఆర్ కూడా వేస్తాడు. అది వాడు పెట్టిన సైట్‌కే తీసుకెళ్తుంది, అక్కడ అన్నీ సరిపోతాయి. అందుకని అడ్రసు కాగితం మీంచి తీసుకోకండి. ugc.gov.in లో యూనివర్సిటీల జాబితా ఉంటుంది, నకిలీల జాబితా వేరేగా ఉంటుంది. ముందు పేరు అక్కడ చూడండి. అసలు యూనివర్సిటీ సైట్లు చాలావరకు .ac.in తో ముగుస్తాయి. అలా లేనంత మాత్రాన దొంగది అనలేం గానీ, అనుమానించాల్సిందే.

కాలర్: మార్కుల లిస్టు చూసి కనిపెట్టగలమా?

నిపుణురాలు: కొంతవరకు. మీది లెక్కల ఆఫీసే కదా, కూడి చూడండి. ఒక సెమిస్టర్‌లో క్రెడిట్లు 4, 4, 3, 3, 2, 2 అనుకుందాం. గ్రేడ్ పాయింట్లు వరసగా 8, 7, 9, 6, 9, 10. దేనికది గుణించి కూడితే 143. మొత్తం క్రెడిట్లు 18తో భాగిస్తే 7.94. కాగితం మీద 8.17 ఉందంటే క్రెడిట్లు వదిలేసి పాయింట్లకు మామూలు సగటు కట్టేశారన్నమాట. అయితే ఇది బద్ధకపు దొంగనే పట్టిస్తుంది. వేరొకరి అసలు లిస్టు మీద పేరు మార్చేస్తే లెక్క చక్కగా కుదురుతుంది.

కాలర్: మరి ఖాయంగా తేలేదెలా?

నిపుణురాలు: రెండు దారులు. అబ్బాయిని మీ ఎదుటే డిజిలాకర్ తెరవమనండి. సర్టిఫికెట్ Issued విభాగంలో ఉంటే యూనివర్సిటీ నుంచి వచ్చినట్టు. Drive లో ఉంటే తను ఎక్కించుకున్నదే, దానికి విలువ లేదు. స్క్రీన్‌షాట్ అసలే ఒప్పుకోకండి. పాత బ్యాచ్‌లవి చాలా చోట్ల డిజిలాకర్‌లో ఎక్కలేదు, కాబట్టి దొరకలేదని దొంగదని తేల్చేయకూడదు.

అప్పుడు కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కి రాయాలి. రెండు వైపుల స్కాన్, హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, అబ్బాయి సంతకంతో అనుమతి పత్రం, ఫీజు రసీదు జతచేయండి. ఈమెయిల్ ఐడీ మీరు వెతికి పట్టుకున్న సైట్ నుంచే తీసుకోవాలి. జవాబు నేరుగా మీకే రావాలి. అబ్బాయి చేతికిచ్చి పంపించిన కవరు లెక్కలోకి రాదు.

కాలర్: ఈలోపు ఉద్యోగంలో చేర్చుకోవచ్చా?

నిపుణురాలు: చేర్చుకోండి. డిగ్రీ నిర్ధారణకు లోబడి అని ఆఫర్ లెటర్లో ఒక వాక్యం రాయించండి. ఒరిజినల్స్ మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి, చూసి వెంటనే ఇచ్చేయండి.