మొదటి మూడు నెలల మార్కెటింగ్ బడ్జెట్: యాడ్స్‌కి ఎంత, క్రియేటర్లకి ఎంత, సొంత కంటెంట్‌కి ఎంత

అందరికీ నమస్కారం. బడ్జెట్‌ని ఏ శాతాల్లో పంచాలని చాలామంది అడుగుతుంటారు. అంతకన్నా ముందు తేలాల్సిన లెక్క ఒకటుంది. ఒక కస్టమర్‌ని తెచ్చుకోడానికి గరిష్ఠంగా ఎంత పెట్టగలం?

నెలవారీ చందాతో నడిచే ఒక యాప్ ఉందనుకుందాం. కరెన్సీ ఏదైనా సరే, ఖర్చులు పోను ఒక్కో కస్టమర్ మీద నెలకి 10 మిగులుతుంది. పెట్టింది మూడు నెలల్లో వెనక్కి రావాలంటే పరిమితి 30. మూడు నెలల మొత్తం బడ్జెట్ 6,000.

ముందు యాడ్స్ సంగతి. మెటా యాడ్స్‌లో ఒకే రకం జనానికి చూపించే యాడ్స్ గుంపుని యాడ్ సెట్ అంటారు. ఎవరికి చూపిస్తే పనవుతుందో నేర్చుకుని అది కుదురుకోవాలంటే వారానికి సుమారు 50 ఫలితాలు కావాలి. ఫలితం అంటే డబ్బు కట్టిన కస్టమరే అని పెట్టుకుంటే వారానికి 1,500 అవుతుంది, నాలుగు వారాల్లో బడ్జెట్ ఖాళీ. పైగా చాలామంది ఉన్న కొద్ది డబ్బునీ ఐదారు యాడ్ సెట్లకి పంచేస్తారు, ఒక్కటీ కుదురుకోదు. అందుకే ఒకటే సెట్ పెట్టి, సైన్ అప్‌ని ఫలితంగా ఎంచుకోండి. సైన్ అప్‌కి 5 పడితే వారానికి 250, పన్నెండు వారాలకి 3,000. అయితే చవగ్గా వచ్చే సైన్ అప్‌లలో ఊరికే చూసిపోయేవాళ్లూ ఉంటారు. ప్రతి ఆరుగురిలో ఒకరైనా డబ్బు కట్టకపోతే 30 దాటిపోయినట్టే. ఈ నిష్పత్తిని వారం వారం చూడాలి.

క్రియేటర్లకి 1,800. ఒక్క పెద్ద పేరుకి మొత్తం ఇచ్చేయకుండా, ఆరుగురు చిన్నవాళ్లకి తలా 300 ఇవ్వండి. ఒప్పందంలో మాత్రం ఒక వాక్యం తప్పనిసరి: ఆ వీడియోని మన యాడ్స్‌లో ఎన్ని నెలలు వాడుకోవచ్చో రాసి ఉండాలి. ఇది మరిచిపోతే పోస్ట్ పాతబడగానే డబ్బు పోయినట్టే. రాసుకుంటే, ఆరింటిలో బాగా ఆడిన రెండు వీడియోలు తర్వాతి నెల యాడ్స్‌కి ముడిసరుకవుతాయి.

మిగిలిన 1,200 సొంత కంటెంట్‌కి. ఇది ఉచితం అనుకోవడం పొరపాటు, రాసేవాళ్ల సమయానికీ ఖరీదుంది. సెర్చ్ నుంచి జనం రావడానికి నెలలు పడుతుంది కాబట్టి మొదటి మూడు నెలల్లో దాన్ని కస్టమర్ల లెక్కతో కొలవకండి. కొనేముందు జనం అడిగే ప్రశ్నలకి సూటిగా జవాబులు రాయండి, చాలు.

ఇక అసలు చిక్కు. ఒకావిడ క్రియేటర్ వీడియో చూసింది. రెండు రోజుల తర్వాత మీ యాప్ పేరు గూగుల్‌లో టైప్ చేసి, పైన కనిపించిన మీ యాడ్ నొక్కి చేరింది. రిపోర్టులో ఆ ఘనత యాడ్‌కే పోతుంది. అది చూసి క్రియేటర్ల డబ్బు కోసేస్తే, నెల తిరిగేసరికి యాడ్స్ కూడా నీరసపడతాయి. కూపన్ కోడ్ పెట్టినా పూర్తిగా నమ్మలేం, అది కూపన్ సైట్లకెక్కుతుంది.

అందుకని సైన్ అప్‌లో ఒక ప్రశ్న పెట్టండి: "మా గురించి మొదట ఎక్కడ విన్నారు?" తర్వాత మీ యాప్ పేరు మీద నడిచే సెర్చ్ యాడ్‌ని రెండు వారాలు ఆపి, మొత్తం కస్టమర్ల సంఖ్య చూడండి. అది పెద్దగా తగ్గకపోతే, వాళ్లు ఎలాగూ వచ్చేవాళ్లే. ఆ డబ్బుని క్రియేటర్ల వైపు మళ్లించండి.