ఒక స్లైడ్ మీద మూడు మెసేజ్‌లు

అందరికీ నమస్కారం. తోటివాళ్ళ ప్రజెంటేషన్ మీద రాతలో అభిప్రాయం ఎలా చెప్పాలో మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఒక్క ప్రజెంటేషన్ గురించే చెప్తాను. దాని మీద నేను మూడు మెసేజ్‌లు రాశాను. మొదటిది పంపలేదు. రెండోది పంపి తప్పు చేశాను. మూడోది పనిచేసింది.

మా టీమ్ ఊళ్ళలో బోరు నీళ్లు పరీక్ష చేస్తుంది. నల్లగొండలో ఫ్లోరైడ్ అంటే ఏంటో నేను వివరించక్కర్లేదు. ఈ సమస్యకు పటిక, సున్నంతో చేసే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టుకుంది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా మోటారు కాలిన రోజు, పైపు పగిలిన రోజు జనం మళ్ళీ బోరు దగ్గరికే పోతారు. అందుకే ఏ బోరు ఎలా ఉందో ఊరికి తెలియాలి.

ఒక ఊళ్ళో 24 బోర్లు చూసి, మా జూనియర్ ఒకతను సోమవారం టీమ్ రివ్యూలో స్లైడ్లు చూపించాడు. గురువారం అవే స్లైడ్లు గ్రామసభలో చూపించాలి. అతన్ని నేను తమ్మీ అంటాను, అతను నన్ను అన్నా అంటాడు. నాలుగో స్లైడ్‌లో పెద్ద అక్షరాలతో 'సగటు ఫ్లోరైడ్: లీటరుకు 1.4 మిల్లీగ్రాములు' అని ఉంది. మన దేశంలో తాగునీటి ప్రమాణం 1.0. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంటే ఆ స్లైడ్ చూసినవాడు ఊరు గండం గట్టెక్కింది అనుకుంటాడు. కానీ వెనక పట్టికలో లెక్కపెడితే 9 బోర్లు 1.5 దాటి ఉన్నాయి. మిగతా 15 మంచి బోర్లు సగటును కిందికి లాగాయి, అంతే. తాగేవాడు సగటు తాగడు కదా, తన వాడలో ఉన్న బోరు నీళ్లే తాగుతాడు. దానికి తోడు పదకొండో స్లైడ్‌లో 'నీటిని కాచి తాగాలి' అని ఉంది. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఆ రాత్రి కోపంగానే ఫోన్ తీసుకున్నాను. రాసింది ఇదీ:

"అసలు పట్టిక చూశావా? 9 బోర్ల సంగతి కనీసం చెప్పనే లేదు. సగటు పెట్టి అందరినీ తప్పుదోవ పట్టించావు. మళ్ళీ కాచి తాగమని కూడా రాశావు. ఫాంట్ చిన్నగా ఉంది, రంగులు బాగాలేవు, చాలా స్పీడుగా చెప్పావు."

రాశాక ఎందుకో ఆగి చదువుకున్నాను. విషయం అంతా నిజమే. కుట్టేది చిన్న చిన్న మాటలు. 'అసలు', 'కనీసం', 'మళ్ళీ', 'కూడా', ఇవన్నీ తీసేసినా సమాచారం ఒక్క ముక్క తగ్గదు. 'చెప్పనే లేదు'లో ఆ 'నే' చూడండి. 'చెప్పలేదు' అంటే సరిపోయేదానికి ఒక్క అక్షరం చెంపదెబ్బ కొడుతుంది. ఇదే మాట క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ, భుజం మీద చెయ్యేసి "ఏంది తమ్మీ, గా తొమ్మిది బోర్లు చెప్పనే లేవు" అంటే నవ్వుకుంటాడు. రాతలో చెయ్యి కనిపించదు. మనం నోటితో మాట్లాడే భాషనే ఫోన్‌లో రాస్తాం కాబట్టి ఈ తేడా మనకు తట్టదు.

సరే అని అది పంపకుండా ఇంకోటి రాశాను:

"చాలా బాగా చేశారండి. సగటు గురించి వీలుంటే ఒకసారి ఆలోచిస్తే బాగుంటుందేమో. చివర్లో సూచనలు కూడా ఒకసారి చూడగలరు."

ఇది పంపాను. రోజూ నువ్వు అనేవాణ్ణి మీరు అన్నాను, తమ్మీ అనేవాణ్ణి అండీ అన్నాను. మర్యాదనుకున్నాను. దగ్గరివాణ్ణి హఠాత్తుగా మీరు అంటే ఎవరికైనా గుండె జారుతుంది, ఏదో కోపం వచ్చింది అనుకుంటారు. ఆ సంగతి తర్వాత అతనే చెప్పాడు, రాత్రంతా టెన్షన్ పడ్డాడట. అయినా అసలు నష్టం అది కాదు. మంగళవారం సాయంత్రం కొత్త ఫైల్ వచ్చింది. నాలుగో స్లైడ్‌లో సగటు అంకె అలాగే ఉంది, చుట్టూ ఒక నీలం గీత పెట్టాడు. కాచి తాగాలి అన్న లైను కదల్లేదు. తప్పు అతనిది కాదు. 'వీలుంటే', 'ఒకసారి', 'ఏమో' అని మూడు దుప్పట్లు కప్పాను, కింద 9 బోర్లున్నాయని ఎలా తెలుస్తుంది? 'థాంక్స్ అన్నా' అని జవాబు వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా థాంక్స్ వచ్చిందంటే విషయం చేరలేదని లెక్క. అదే పొడుగ్గా సంజాయిషీ వచ్చిందనుకోండి, గట్టిగా తగిలిందన్నమాట.

మంగళవారం రాత్రి మూడోది రాశాను. టీమ్ గ్రూపులో పెట్టలేదు, అతనికొక్కడికే పంపాను. ఫాంటు, రంగులు, స్పీడు వదిలేశాను, అవి గురువారానికి ఎవరి ప్రాణం మీదికీ తేవు.

"తమ్మీ, ఏ వాడకు ఏ బోరో నీ మ్యాప్ చూశాకే నాకు తెలిసింది. దాన్ని రెండో స్లైడ్‌గా పెట్టు, ఊళ్ళో వాళ్ళు ముందు అదే వెతుకుతారు. నాలుగో స్లైడ్‌లో 1.4 చూసి నేను ఊరు సేఫ్ అనుకున్నా. పట్టికలో లెక్కపెడితే 24లో 9 బోర్లు 1.5 దాటాయి. సగటు తీసేసి ఆ 9 బోర్లు ఏ వాడలో ఉన్నాయో రాయాలి. పదకొండులో 'కాచి తాగాలి' తీసేయాలి, కాచితే ఫ్లోరైడ్ పోదు. రెండూ గురువారంలోపు మారాలి. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చుని పట్టిక సర్దుదాం."

ఇందులో మెత్తదనం ఎక్కడుందో చూడండి. 'తప్పుదోవ పట్టించావు' పోయి 'నేను సేఫ్ అనుకున్నా' వచ్చింది. పొరపడింది నేను, అతని మీద నింద లేదు, కానీ స్లైడ్ ఏం చేస్తుందో అతనికి కళ్ళకు కట్టింది. అలాగే తప్పుల దగ్గర 'నువ్వు' లేదు. 'స్లైడ్‌లో 1.4 చూసి', 'బోర్లు 1.5 దాటాయి' అన్నాను. తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం కుంటదు, ఆ సౌకర్యం వాడుకోవాలి. మ్యాప్ గురించి చెప్పిన మంచిమాట తర్వాత 'కానీ' పెట్టలేదు. 'బాగుంది కానీ' అని రాస్తే చదివేవాడు 'కానీ' దగ్గర్నుంచే చదువుతాడు. పైగా ఆ మంచిమాటకూ ఒక పని అప్పజెప్పాను, మ్యాప్ ముందుకు జరపమని. అంకెలు, గడువు, 'తీసేయాలి' అన్న మాట మాత్రం మెత్తబరచలేదు. కాచే సంగతిలో 'ఏమో' అని రాయడానికి నాకు హక్కు లేదు, అక్కడ ఒక ఇల్లాలు పొయ్యి మీద గిన్నె పెడుతుంది.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "అన్నా, గుడి వెనక బోరు సరిగ్గా 1.5 ఉంది. దాన్ని తొమ్మిదిలో కలపాలా, వద్దా?"

నేను పట్టికలో ఆ బోరును గమనించలేదు. దాటలేదు కాబట్టి కలపొద్దు, అలాగని మంచి బోర్లలో వేసి ఊరుకోనూ కూడదు. బుధవారం పొద్దున ఆఫీసుకు రాకుండా ఇద్దరం నేరుగా ఆ ఊరికే పోయాం, ఆ బోరు నుంచి ఇంకో సీసా నీళ్లు పట్టడానికి.